ఫుట్‌బాల్‌లో సిక్స్ ఎంత ఉరికినా మధ్యలో గోల్స్ పడుతుంటే

“హన్మకొండలో మా ఫుట్‌బాల్ టీమ్ 4-3-3 ఆడుతుంది, నేను సిక్స్, అంటే డిఫెన్స్ ముందు ఆడే మిడ్‌ఫీల్డర్‌ని. ప్రతి బాల్ వెనకా ఉరుకుతున్నా. అయినా మా డిఫెన్స్ ముందు నుంచే గోల్స్ పడుతున్నయ్. ఎందుకు?”

ఆ ఉరకడమే కారణం. మీరు సైడ్‌కి పోయిన ప్రతిసారీ స్టాపర్ల, అంటే మధ్య డిఫెండర్ల, ముందు చోటు ఖాళీ అవుతోంది.

1. చాలామంది వదిలేసేది ఇదే: బాల్ మనవాళ్ల దగ్గర ఉన్నప్పుడే చోటు సర్దుకోవాలి. లెఫ్ట్ బ్యాక్ పైకి వెళ్తుంటే బాల్‌నే చూస్తూ నిలబడొద్దు. భుజం మీదుగా వెనక్కి చూసి, వాళ్ల స్ట్రైకర్ ఎక్కడున్నాడో గుర్తుపెట్టుకోండి. స్టాపర్లకు సుమారు 10 మీటర్ల ముందు, కాస్త ఎడమకు జరిగి ఉండండి. అతనికి వచ్చే పాస్ దారిలో మీరుండాలి. బాల్ పోయాక జరిగితే ఆలస్యమైనట్టే.

2. బాల్ పోయి వాళ్ల రైట్ వింగర్ మన లెఫ్ట్ బ్యాక్ వదిలిన ఖాళీలోకి ఉరికితే, మీకు దగ్గరైతేనే అడ్డుపడండి. దూరమైతే ఎడమ స్టాపర్‌ని పంపండి: “నువ్వు పో, నేనున్నా!” అని గట్టిగా అరిచి అతని చోట్లోకి దిగండి. మా గ్రౌండ్‌లో ఆ ఒక్క కేకతోనే సగం గందరగోళం తగ్గింది.

3. లెఫ్ట్ బ్యాక్ తిరిగొచ్చాక మీ చోటికి రండి.

బ్యాక్‌లు ఇద్దరూ ఒకేసారి పైకెళ్తే మాత్రం మీ ఒక్కరి వల్ల కాదు. మీ ముందు ఆడే ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో, అంటే ఎయిట్‌లలో, ఒకరిని మీ పక్కన ఆగమనండి.