కెనరీ వార్ఫ్‌లో మీ విజిటర్ సరైన రిసెప్షన్‌కి చేరాలంటే

సందేహం: మా కంపెనీకి లండన్‌లో మూడు ఆఫీసులున్నాయి. నేను చేరి నెల కూడా కాలేదు. వచ్చేవారం హైదరాబాద్ ఆఫీసు నుంచి ఒక సీనియర్ గారు మీటింగ్‌కి వస్తున్నారు. ఆయన్ని రిసీవ్ చేసుకునే పని నాకిచ్చారు. ఇన్వైట్‌లో అడ్రస్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. ఆయనకి మీరు ఇన్వైట్‌తో పాటు ఇంకో అడ్రస్ కూడా పంపుతున్నారు, ఆ సంగతి మీకే తెలియకపోవచ్చు. మీ ఈమెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఒక చిరునామా ఉంటాయి చూడండి. అది రిజిస్టర్డ్ ఆఫీసు. బ్రిటన్‌లో కంపెనీలు తమ వ్యాపార ఉత్తరాల్లోనూ ఈమెయిళ్ళలోనూ ఆ చిరునామా వేసి తీరాలి, 2015 నాటి నిబంధనలు అలాగే చెబుతున్నాయి. అది ప్రభుత్వ నోటీసులు అందుకోవడానికి ఇచ్చిన చిరునామా, మనుషులు పనిచేసే చోటు కానక్కర్లేదు. చాలా కంపెనీలు అక్కడ తమ అకౌంటెంట్ల ఆఫీసో, లాయర్ల ఆఫీసో పెట్టుకుంటాయి. కంపెనీలని రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతికినా వచ్చేది అదే. విమానం దిగి ఫోన్లో పాత మెయిల్ తెరిచిన మనిషికి ముందు కనబడే అడ్రస్ కూడా అదే. కాబట్టి మీరు పంపే మెసేజ్‌లో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "మెయిల్ అడుగున ఉన్న అడ్రస్‌కి రావద్దు, ఇక్కడికి రండి."

ఇక ఆ "ఇక్కడ" ఎక్కడో. మీటింగ్ తూర్పు లండన్‌లో ఆఫీసు టవర్లుండే కెనరీ వార్ఫ్‌లో బ్యాంక్ స్ట్రీట్ 40వ నంబరు బిల్డింగ్‌లో, కంపెనీ రెండో ఆఫీసు అప్పర్ బ్యాంక్ స్ట్రీట్ 10వ నంబరులో, రిజిస్టర్డ్ ఆఫీసు సిటీ అని పిలిచే లండన్ పాత వ్యాపార కేంద్రంలో ఉన్నాయనుకుందాం. కంపెనీ ఊహించుకున్నదే గానీ వీధులూ బిల్డింగ్‌లూ నిజమైనవే. వాటితో వచ్చే తికమక కూడా నిజమే.

మొదటి చిక్కు బ్యాంక్ స్ట్రీట్ అన్న పేరే. లండన్ నడిబొడ్డున, సిటీలో, బ్యాంక్ అని పెద్ద స్టేషన్ ఉంది. కొత్తవాళ్ళు బ్యాంక్ స్ట్రీట్ అనగానే అక్కడే దిగుతారు. ఆ స్టేషన్‌కీ ఈ వీధికీ మధ్య డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే, అంటే డీఎల్‌ఆర్ రైల్లో సుమారు పావుగంట ప్రయాణం. పైగా రిజిస్టర్డ్ ఆఫీసు కూడా సిటీలోనే ఉంటే, అక్కడ దిగినాయనకి తప్పు దిగానన్న అనుమానమే రాదు. రెండో చిక్కు అప్పర్ బ్యాంక్ స్ట్రీట్. ట్యాక్సీ డ్రైవరుకి నోటితో చెప్పేటప్పుడు "అప్పర్" అన్న మాట ఎగిరిపోతుంది, లేదా లేని చోట వచ్చి చేరుతుంది. అందుకే పోస్ట్‌కోడ్ మొత్తం ఇవ్వాలి. అందులో మొదటి భాగమైన E14 కెనరీ వార్ఫ్ దాటి చాలా పెద్ద ప్రాంతానికి పడుతుంది, దానితో ఏమీ తేలదు. చివరి మూడు అక్షరాలే ఏ బిల్డింగో పట్టిస్తాయి. అక్కడి వన్ కెనడా స్క్వేర్ టవర్‌నే తీసుకుంటే దాని కోడ్ E14 5AB. మీ బిల్డింగ్ కోడ్ రాయల్ మెయిల్ వాళ్ళ పోస్ట్‌కోడ్ ఫైండర్‌లో చూసుకుని కాపీ చేసి పెట్టండి. గుర్తున్నంత వరకు టైపు చేస్తే ఒక్క అక్షరం తేడాతో ఎదురు వీధిలో తేలతారు.

మ్యాప్ పిన్ పంపితే పోదా అంటే, పంపండి గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎత్తైన టవర్ల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది, నీలం చుక్క పక్క బిల్డింగ్ మీదికి జారుతుంది. పిన్ బిల్డింగ్ మధ్యలో పడుతుంది, తలుపు ఏ వైపుందో చెప్పదు. ఎన్నో అంతస్తో అసలే చెప్పదు. సామాను దించే వెనక ద్వారం ముందు నిలబడి "మ్యాప్ ఇక్కడికే తెచ్చిందండీ" అనేవాళ్ళు ఇందుకే తగులుతుంటారు.

స్టేషన్ విషయం విడిగా చెప్పాలి. కెనరీ వార్ఫ్ అన్న ఒక్క పేరుతో మూడు స్టేషన్లున్నాయి: జూబ్లీ లైన్‌ది ఒకటి, డీఎల్‌ఆర్‌ది ఒకటి, 2022లో తెరిచిన ఎలిజబెత్ లైన్‌ది ఒకటి. ఎలిజబెత్ లైన్ స్టేషన్ ఉత్తరపు చివర ఉంది, బ్యాంక్ స్ట్రీట్ దక్షిణాన ఉంది. మధ్యలో మాల్ దాటుకుంటూ కొత్త మనిషికి పది నిమిషాలైనా పడుతుంది. బ్యాంక్ స్ట్రీట్‌కి బాగా దగ్గరైంది డీఎల్‌ఆర్‌లో హెరాన్ కీస్, అంటే కెనరీ వార్ఫ్ తర్వాతి స్టేషన్. కాబట్టి "కెనరీ వార్ఫ్‌లో దిగండి" అనకుండా లైను పేరు, స్టేషన్ పేరు రెండూ చెప్పాలి. ఆయన హీత్రో నుంచి నేరుగా ఎలిజబెత్ లైన్లో వస్తుంటే ఇంకో మాట కూడా చేర్చండి: షెన్‌ఫీల్డ్ వైపు పోయే రైలు కెనరీ వార్ఫ్‌కి రాదు, వైట్‌చాపెల్‌లో దిగి ఆబీ వుడ్ రైలు ఎక్కాలి.

బిల్డింగ్ దాకా వచ్చారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఇలాంటి టవర్లలో రెండు రిసెప్షన్లుంటాయి. కింద గ్రౌండ్ ఫ్లోర్లో ఉన్నది బిల్డింగ్ యజమానిది. అక్కడ కూర్చున్నవాళ్ళు మీ కంపెనీ ఉద్యోగులు కారు, అద్దెకున్న కంపెనీలన్నిటికీ వాళ్ళే. పైన మీ కంపెనీ సొంత రిసెప్షన్ ఏదో ఒక అంతస్తులో ఉంటుంది. కిందివాళ్ళ కంప్యూటర్లో ఆయన పేరుంటేనే గేటు తెరిచే పాస్ ఇస్తారు. ఆ పేరు మీరు ముందురోజే కంపెనీ విజిటర్ సిస్టంలో ఎక్కించాలి. కంపెనీకి రెండు బిల్డింగ్‌లుంటే ఆ ఫారంలో లొకేషన్ అని ఒక పెట్టె ఉంటుంది, అందులో ముందే నిండి ఉండేది సాధారణంగా మీ సొంత డెస్క్ ఉన్న బిల్డింగ్. మీరు అప్పర్ బ్యాంక్ స్ట్రీట్‌లో కూర్చుంటూ మీటింగ్ 40లో పెట్టుకుంటే, మార్చకుండా నొక్కేశారంటే పాస్ ఇక్కడ తయారవుతుంది, మనిషి అక్కడ నిలబడతారు. రెండు చోట్లా యజమానులు వేరైతే ఒక డెస్క్‌కి రెండో డెస్క్ జాబితా కనబడదు. "మా లిస్టులో మీ పేరు లేదు" అని మర్యాదగా చెప్పి ఊరుకుంటారు.

పేరు దగ్గర మన తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఆఫీసులో అందరూ ఆయన్ని ప్రసాద్ గారంటారు, మీరూ ప్రసాద్ అనే ఎక్కిస్తారు. పాస్‌పోర్ట్‌లో చూస్తే సర్‌నేమ్ చోట ఇంటిపేరు, గివెన్ నేమ్ చోట వెంకట సత్య దుర్గా ప్రసాద్ అని బారెడు. కింద డెస్క్‌లో వెతికేది సర్‌నేమ్‌తో. కొందరి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. అందుకని పాస్‌పోర్ట్‌లో ఏది ఏ గడిలో ఉందో ఆయన్నే అడిగి అదే వరసలో ఎక్కించండి. హోస్ట్ పేరుగా మీ పేరు కూడా మీ బ్యాడ్జ్ మీద ఉన్నట్టే ఇవ్వండి. కంపెనీ పేరు సంగతీ చూసుకోవాలి. ఈమధ్యే ఇంకో కంపెనీ కొనేసి ఉంటే, లాబీ బోర్డు మీదా డెస్క్ జాబితాలోనూ మాతృ కంపెనీ పేరో పాత పేరో ఉండొచ్చు. ఒకసారి కిందికెళ్ళి బోర్డు చదివి, ఆ పేరే మెసేజ్‌లో పెట్టండి.

అంతస్తు లెక్క బ్రిటన్‌లో మనకున్నట్టే. గ్రౌండ్, దానిపైన ఫస్ట్. అమెరికా ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళయితే వాళ్ళకి నేల మీదిదే ఫస్ట్. అంతస్తును మాటల్లో వర్ణించకుండా లిఫ్ట్ ప్యానెల్ మీద కనబడే అంకె ఇచ్చేస్తే గొడవ ఉండదు. అంతకంటే పెద్ద పొరపాటు ఏమిటంటే మీటింగ్ రూమ్ ఉన్న అంతస్తు చెప్పేయడం. రిసెప్షన్ 12లో, మీటింగ్ 14లో ఉంటే ఆయనకి 12 ఒక్కటే చెప్పండి. ఇన్వైట్‌లో లొకేషన్ చోట రూమ్ కోడ్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అందులో 14 ఉంటుంది. అది చూసి ఆయన 14కి వెళితే, లిఫ్ట్ తలుపు తెరుచుకున్నాక ముందున్న గాజు తలుపుకి బ్యాడ్జ్ కావాలి, పలకరించే మనిషి ఉండరు. మెట్ల మీద రెండు అంతస్తులు దిగుదామంటే అదీ కుదరకపోవచ్చు. మెట్లలోకి వెళ్ళాక అంతస్తుల తలుపులు చాలాచోట్ల మెట్ల వైపు నుంచి తెరుచుకోవు, దిగుతూ కింద దాకా పోవాల్సిందే.

లిఫ్ట్ గురించి ఒక్క వాక్యం రాయండి, చాలామంది ఆగిపోయేది అక్కడ. ఈ టవర్లలో చాలావాటిలో లిఫ్ట్ లోపల అంతస్తుల బటన్లుండవు. బయట ప్యానెల్ మీద అంతస్తు నొక్కితే A, B, C అంటూ ఒక అక్షరం చూపిస్తుంది, ఆ అక్షరం ఉన్న లిఫ్టే ఎక్కాలి. ఎవరో ఎక్కుతున్నారు కదా అని వెనకే ఎక్కేస్తే వాళ్ళ అంతస్తుకి వెళ్ళి తిరిగి రావాలి. కింది అంతస్తులకి ఒక వరస, పై అంతస్తులకి ఇంకో వరస లిఫ్ట్‌లున్న బిల్డింగ్‌ల్లో ఏ వరసో కూడా చెప్పాలి.

ఇవన్నీ కలిపి మెసేజ్ ఇలా ఉంటుంది. ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో పంపండి, మెయిల్లోనూ పెట్టండి:

"నమస్కారం సార్. రేపు మీటింగ్ 10 గంటలకి, 9:40కి బిల్డింగ్ దగ్గరుండేలా రండి. బిల్డింగ్: 40 బ్యాంక్ స్ట్రీట్, కెనరీ వార్ఫ్ (అప్పర్ బ్యాంక్ స్ట్రీట్ కాదు, మెయిల్ అడుగున ఉన్న అడ్రస్ కాదు). స్టేషన్: డీఎల్‌ఆర్ హెరాన్ కీస్. కింద రిసెప్షన్‌లో పాస్‌పోర్ట్ చూపించి మా కంపెనీ పేరు, నా పేరు చెప్పండి, పాస్ ఇస్తారు. గేటు దాటాక ప్యానెల్ మీద 12 నొక్కి, అది చూపించిన లిఫ్ట్ ఎక్కండి. 12లో మా రిసెప్షన్ ఉంది, నేను అక్కడే ఉంటాను. ఇన్వైట్‌లో 14 అని ఉంటుంది, అక్కడికి వెళ్ళొద్దు."

దీని కింద పోస్ట్‌కోడ్, ముందు తలుపు ఫోటో ఒకటి, మీ నంబరు పెట్టండి. నంబరు +44తో మొదలుపెట్టి తర్వాతి సున్నా తీసేయాలి, లేకపోతే ఇండియా సిమ్ నుంచి కాల్ కలవదు. ఆయన ఫోన్లో డేటా ఉండదేమోనన్న అనుమానముంటే మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసుకోమనండి.

ఇంత చేసినా ఆయన ఫోన్ చేసి "వచ్చేశానమ్మా, రిసెప్షన్‌లో ఉన్నాను, నువ్వు కనబడట్లేదు" అనొచ్చు. అప్పుడు "ఎక్కడున్నారు సార్" అని అడిగితే లాభం లేదు, ఆయన దృష్టిలో ఆయన సరైన చోటే ఉన్నారు. బయటికొచ్చి తలుపు పైనున్న నంబరూ వీధి పేరూ చదవమనండి, కుదరకపోతే ఫోటో తీసి పంపమనండి. నంబరు 10, వీధి పేరులో "అప్పర్" ఉంటే నడిచి వచ్చే దూరమే, ఆయన్ని కదలొద్దని చెప్పి మీరే వెళ్ళి తీసుకురండి. బ్యాంక్ స్టేషన్ దగ్గరుంటే మాత్రం మీరు వెళ్ళడం దండగ. లూయిషామ్ వైపు వెళ్ళే డీఎల్‌ఆర్ ఎక్కి హెరాన్ కీస్‌లో దిగమని చెప్పి, మీటింగ్‌లో వాళ్ళకి అరగంట ఆలస్యమని కబురు పెట్టి, స్టేషన్ బయట ఎదురుచూడండి. ఆయన పాస్‌కి టైమ్ పరిమితి ఉందేమో ఈలోగా కింద డెస్క్‌లో అడగండి. కొన్ని సిస్టంలలో మీటింగ్ టైమ్ దాటితే పాస్ చెల్లదు, అలా ఉంటే పేరు మళ్ళీ ఎక్కించాలి.