పాత అభ్యర్థిని మళ్లీ పిలిచేటప్పుడు

"ఆర్నెల్ల కిందట ఫైనల్ రౌండ్ దాకా వచ్చి ఆగిపోయిన అమ్మాయికి సరిపోయే పోస్టు ఇప్పుడు వచ్చింది. ఎలా కదపాలి?"

ముందు పాత ఇంటర్వ్యూ నోట్స్ తీయండి. అప్పుడు వద్దనుకున్న కారణం ఈ పోస్టుకు అడ్డు కాదని హైరింగ్ మేనేజర్‌తో తేల్చుకున్నాకే ఆమెకు రాయండి. అదే కారణంతో రెండోసారి కాదంటే ఆవిడ ఇక మీ ఫోన్ ఎత్తదు.

అందరికీ పంపే మెయిల్ వద్దు. ఆమెను ఇంటర్వ్యూ చేసినవాళ్లే ఇలా రాస్తే మంచిది: "బిల్లింగ్ డేటా తరలింపు గురించి మీరు చెప్పిన తీరు మాకింకా గుర్తుంది. అప్పటి పోస్టుకు టీమ్‌ను నడిపిన అనుభవం కావాల్సి వచ్చింది, దీనికి అక్కర్లేదు. పాత టెస్టు మళ్లీ రాయనక్కర్లేదు, కొత్త మేనేజర్‌తో ఒక్క రౌండే. ఇప్పుడు మీ పరిస్థితేంటి?"

ఆ చివరి ప్రశ్న తప్పనిసరి. ఈలోగా వేరేచోట చేరి ఉండొచ్చు. అప్పుడు చెప్పిన జీతం అంకె కూడా పాతబడినట్టే, మళ్లీ అడగండి.