పాపకు, స్టైపెండ్ లెక్క గురించి మామ రాసేది

పాపా,

బెంగళూరులో ఇంటర్న్‌షిప్ వచ్చిందని, నెలకు 15,000 ఇస్తారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆరు నెలలంటే 90,000 అని మీ నాన్న అప్పుడే గుణించేసినాడంట. ఆ గుణకారం పక్కన పెట్టు. అనంతపురం నుంచి నేను మొదటిసారి బెంగళూరుకు పోయినప్పుడు నన్ను ఇబ్బంది పెట్టింది జీతం తక్కువ కావడం కాదు, అది వచ్చే తేదీ. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం తేదీల గురించే ఉంటుంది.

నువ్వు ఒకటో తేదీన చేరతావు. మొదటి స్టైపెండ్ ఆ నెలంతా పని చేసినాక, వచ్చే నెల ఏడో తేదీకి పడుతుందని మీ ఆఫీసు వాళ్లు చెప్పినారు కదా. పీజీ అద్దె మాత్రం ముందే కట్టాలి, రెండో నెలది ఐదో తేదీలోపు అడుగుతారు. అంటే చేతికి ఒక్క రూపాయి రాకముందే రెండు అద్దెలు కట్టాలి, అడ్వాన్స్ కూడా ఇయ్యాలి. నువ్వు చూసిన ముగ్గురి షేరింగ్ గది 8,500, అడ్వాన్స్ 5,000. అవి కలిపితేనే 22,000. ఆ ముప్పై ఏడు రోజుల మధ్యాహ్నం తిండి, ఫోను, సబ్బులు, చార్జీలు ఇంకో 4,000 పైన. సుమారు 26,000 చేతిలో లేకుండా బస్సెక్కితే, మూడో వారంలో మీ నాన్నకు ఫోన్ చేయక తప్పదు. నేను చేసినాను. కాయిన్ బాక్స్ ముందు నిలబడి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక రెండు రూపాయలు వృథా చేసినాను.

దీనికి ఒక చిన్న మార్గం ఉంది. గది ఒప్పుకునే ముందే పీజీ ఓనర్‌ను అడుగు: "నా అద్దె తేదీ ఎనిమిదిగా పెట్టుకుంటారా?" మొదటి ఏడు రోజులకు రోజు లెక్కన సుమారు 2,000 కట్టు. ఎనిమిదో తేదీన నెల అద్దె 8,500 కట్టు. ఆ తర్వాతి అద్దె మళ్లీ ఎనిమిదికి, అంటే స్టైపెండ్ పడిన మరుసటి రోజు. ఇప్పుడు ముందుగా కావాల్సింది 26,000 కాదు, 20,000 లోపే. నెలలో ఏ తేదీన చేరితే ఆ తేదీకే అద్దె తీసుకునే ఓనర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది వింత కోరిక ఏమీ కాదు. కానీ డబ్బు పంపేసినాక అడిగితే వినరు. ఒకటి రెండు రోజులు స్టైపెండ్ ఆలస్యమైతే ఏం చేస్తారో కూడా అప్పుడే అడుగు.

ఇక గది ఎక్కడ అనేది. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసుకు నడిచిపోయే దూరంలో 8,500, దూరంగా అయితే 6,500కు దొరుకుతుందని మీ ఫ్రెండు చెప్పిందన్నావు. రెండు వేలు మిగులుతాయని ఆశపడొద్దు. మెట్రోకు పోను 60, రాను 60 అనుకో, ఇరవై రెండు పని దినాలకు 2,640. మిగిలింది ఏమీ లేకపోగా చేతి నుంచి 640 పోతుంది, రోజుకు రెండు గంటలు అదనం. సిటీ బస్ నెల పాస్ తీసుకుంటే లెక్క కొంచెం మారుతుంది, కానీ ఆ ట్రాఫిక్‌లో ఆ టైం లెక్క ఇంకా ఘోరం. అద్దెను ఎప్పుడూ ఒంటరిగా చూడకు, దానికి రవాణా కలిపి చూడు.

బస్సు అంటే ఒక మాట. కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అనుకుంటావేమో. అది కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకు. నీ ఆధార్‌లో అనంతపురం ఉంది కాబట్టి టికెట్ తీసుకోవాల్సిందే. మన ఆంధ్రాలో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే స్త్రీశక్తి పథకం కూడా రాష్ట్రం దాటే బస్సులకు పనికిరాదు. హిందూపురం వరకు మన ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రీగా పోయి, అక్కడి నుంచి రైలు పట్టుకోవచ్చు, లగేజీ తక్కువ ఉన్న రోజు మాత్రమే.

ఇంటికి రావడం గురించి చెప్తే మీ అమ్మ నామీద కోప్పడుతుంది, అయినా చెప్తాను. ప్రతి శనివారం బస్సులో వస్తే ఒక్కో ట్రిప్పుకు పోను రాను ఆటోతో కలిపి వెయ్యి అనుకో, నెలకు నాలుగు వేలు. నీ లెక్కలో అంత చోటు లేదు. నెలకు ఒకసారి, రైలు జనరల్‌లో వస్తే నాలుగు వందల్లో పని అయిపోతుంది.

ఇప్పుడు నెల మొత్తం చూద్దాం. అద్దె 8,500, అందులో పొద్దున టిఫిన్, రాత్రి భోజనం వస్తాయి. మధ్యాహ్నం క్యాంటీన్‌లో 70 చొప్పున 1,540. ఊర్లో తిరగడానికి 500, ఫోను 350, సబ్బులు వగైరా 500, ఇంటికి ఒక ట్రిప్పు 400. మొత్తం 11,790. చేతికి 15,000 వస్తే బాగానే మిగిలినట్టు. కానీ కొన్ని కంపెనీలు స్టైపెండ్‌లో పది శాతం టీడీఎస్ అని ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకుంటాయి. అప్పుడు వచ్చేది 13,500, మిగిలేది 1,710. పాన్ కార్డు ఇయ్యకపోతే ఇరవై శాతం పోతుంది, కాబట్టి చేరే రోజుకే పాన్ సిద్ధంగా పెట్టుకో. పోయిన డబ్బు పోయినట్టు కాదు. నీకు ఈ ఏడాది వేరే ఆదాయం లేదు కాబట్టి వచ్చే ఏడాది రిటర్న్ వేస్తే ఆరు నెలల 9,000 తిరిగి వస్తుంది. కానీ అది వచ్చేటప్పటికి నీ ఇంటర్న్‌షిప్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, దాన్ని ఖర్చుల్లో లెక్కేసుకోకు.

ఆ 1,710 ఎక్కడికి పోతుందో నేను ముందే చెప్పగలను. రాత్రి పీజీలో నీళ్ల చారు, మెత్తబడిన చపాతీ చూసి ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ పెడతావు, డెలివరీ చార్జీతో 250. వారానికి రెండుసార్లు అంటే నెలకు రెండు వేలు. మీ అమ్మతో శెనక్కాయల పొడి, గోంగూర ఊరగాయ రెండు డబ్బాలు పెట్టించుకో. అన్నం ఎలా ఉన్నా తినొచ్చు.

అడ్వాన్స్ సంగతి. అందులో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, ఖాళీ చేసే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇయ్యాలి, ఈ రెండూ వాట్సాప్‌లో రాయించుకో. నేను నోరు మాత్రమే నమ్మినాను. పది రోజుల ముందు చెప్తే "నెల ముందు చెప్పాల" అని మొత్తం ఉంచేసుకున్నారు. నీది నవంబరు ఆఖరుకు అయిపోతే, అక్టోబరు ఆఖరులోపే ఖాళీ చేస్తున్నానని మెసేజ్ పెట్టు. ఆఖరి స్టైపెండ్ డిసెంబరు ఏడుకు వస్తుంది, అప్పటికి నువ్వు ఇక్కడ ఉంటావు. కాబట్టి ఊరికి వచ్చే చార్జీలు ముందే పక్కన పెట్టుకో.

మీ నాన్నతో కలిసి గది చూడడానికి శనివారం పోతున్నారంట కదా. పగలు పోవద్దు, రాత్రి ఎనిమిదిన్నరకు పోండి. ఆ టైంకు వంటగది దగ్గర నిలబడి ప్లేట్లు చూస్తే, ఆ పీజీలో అమ్మాయిలు తింటున్నారా, బయట నుంచి తెప్పించుకుంటున్నారా అనేది తెలిసిపోతుంది.

మామ