గెలిచిన కెప్టెన్ మాట్లాడే నిమిషంన్నర

తమ్ముడూ,

మీ వాలీబాల్ జట్టు ఫైనల్ గెలిస్తే కెప్టెన్ మైకులో చదవడానికని నువ్వు రాసిన ప్రసంగం అందింది. వాక్యాలు బాగున్నాయి, కానీ రెండు పేజీలున్నాయి. ఐదు సెట్లు ఆడి, ఊపిరి ఇంకా కుదురుకోని మనిషి వాటిని చదవాలి. మైకు మాటలు గ్యాలరీకి తగిలి తిరిగొస్తాయి, చప్పట్లు మధ్యలో అడ్డొస్తాయి. నిమిషంన్నర చాలు. కాగితం మీద అది వంద మాటల లోపే. ఒక్కో వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి.

అసలు చిక్కు పొడవు కాదు. మ్యాచ్ జరగకముందే నువ్వు ప్రత్యర్థులను మెచ్చుకున్నావు. "మాకు గట్టి పోటీ ఇచ్చిన ప్రత్యర్థి జట్టుకు అభినందనలు" అన్నావు. ఈ మాట ఏ జట్టుకైనా, ఏ ఆటలోనైనా సరిపోతుంది. ఓడి, మెడలో రెండో స్థానం పతకంతో నిలబడ్డవాళ్లకు అది ముందే రాసిపెట్టిన మాటని వినగానే తెలిసిపోతుంది. "మీరూ విజేతలే" అన్నది ఇంకా ఘోరం. కప్పు ఎవరి చేతిలో ఉందో వాళ్లకు కనబడుతూనే ఉంది కదా.

అందుకే ఆ చోటు ఖాళీగా వదిలెయ్. ఆట అయ్యాక కెప్టెన్‌ని ఒక్కటే అడుగు: "వాళ్లు నిన్ను ఎక్కడ బాగా ఇబ్బంది పెట్టారు?" ఆ జవాబే అక్కడ రాయాల్సింది. మామూలుగా ఓడిన కెప్టెన్ ముందు మాట్లాడతారు. ఆ మాటలు వినమని కూడా చెప్పు, అందుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

గెలిచింది చిన్న తేడాతో అయితే దాచొద్దు. 2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ రెండూ 241 పరుగులే చేశాయి. సూపర్ ఓవర్లోనూ చెరి 15. బౌండరీల లెక్కతో కప్పు ఇంగ్లండ్‌కి వెళ్లింది. మైకు ముందుకొచ్చిన ఇంగ్లండ్ కెప్టెన్ మోర్గాన్ రెండు జట్ల మధ్య పెద్ద తేడా లేదని మొదటే ఒప్పుకున్నాడు. న్యూజిలాండ్ కెప్టెన్ విలియమ్సన్‌కు సానుభూతి చెప్పి, ఆ జట్టు పోరాటాన్ని మెచ్చుకున్నాడు. అలాగని "అదృష్టం కలిసొచ్చింది, అంతే" అనిపించకు. అది సొంత జట్టు కష్టాన్ని చిన్నబుచ్చడమే అవుతుంది.

కోచ్ గురించి "మార్గదర్శి, స్ఫూర్తిప్రదాత" అని రాశావు. రెండూ కొట్టెయ్. టైమౌట్ ఉండేది 30 సెకన్లు. అందులో ఆయన ఏం చెప్పారు, దాంతో ఆటలో ఏం మారింది? అది ఒక్క వాక్యంలో చెబితే ఆయన గొప్పతనం దానంతటదే తెలుస్తుంది. మ్యాచ్‌లో అడుగుపెట్టని రిజర్వ్ ఆటగాళ్లను మాత్రం మరిచిపోకు. ప్రాక్టీస్‌లో అవతలి జట్టులా ఆడి చూపించేది వాళ్లే.

రెండు సెట్లు వెనకబడి 3-2తో గెలిచారనుకుందాం. నేనైతే ఇలా రాస్తాను:

"ముందుగా అవతలి జట్టుకు. మొదటి రెండు సెట్లలో మీ సర్వీస్‌ని మేం సరిగా అందుకోలేకపోయాం. మీ లిబరో మా స్మాష్‌లు ఎన్ని లేపిందో నాకు లెక్క తెలియదు. ఐదో సెట్ 16-14. ఆ రెండు పాయింట్లు ఎటైనా పోయేవి. మూడో సెట్‌లో కోచ్ సర్ మమ్మల్ని తిట్టలేదు, 'బంతి మధ్యకి ఇవ్వండి' అన్నారు, అంతే. ఆట అక్కడే తిరిగింది. బెంచ్ మీదున్న మా వాళ్లు నెల రోజులు వీళ్లలాగే సర్వీస్ చేసి మమ్మల్ని సిద్ధం చేశారు. ఇక గ్యాలరీలో ఉన్న మీరు! సున్నా-రెండులో ఉన్నప్పుడు కూడా లేచి వెళ్లలేదు. థాంక్యూ."

అభిమానులను చివర పెట్టడానికి కారణం ఉంది. వాళ్ల ఊసెత్తగానే కేకలు మొదలవుతాయి, ఆ తర్వాత ఏం చెప్పినా వినబడదు. అందుకే అవతలి జట్టు మాట మొదట్లోనే, కాస్త నిశ్శబ్దంగా ఉన్నప్పుడే అయిపోవాలి. ఆ వాక్యాలప్పుడు కెమెరా వైపు కాక వాళ్ల వైపు తిరగమని కాగితం అంచున రాసిపెట్టు.

నువ్వు పేర్చిన పదిహేడు పేర్లు తీసెయ్. పదహారో పేరు దగ్గర తడబడితే వినేవాళ్లకు గుర్తుండేది ఆ తడబాటే. స్పాన్సర్లు, నిర్వాహకుల పేర్లు వ్యాఖ్యాత చదువుతారేమో కనుక్కో. చదవకపోతే "నిర్వాహకులకు, రిఫరీలకు, కోర్టు సిద్ధం చేసినవాళ్లకు థాంక్స్" అని కోచ్ మాట తర్వాత ఒక్క ముక్క చేర్చు.

రేపు కెప్టెన్‌తో మెట్లెక్కించి, ఆ ఆయాసంలోనే ఒకసారి బయటికి చదివించు. ఎక్కడ ఊపిరి చాలకపోతే ఆ వాక్యాన్ని రెండు చేసి నాకు పంపు.

మీ అన్నయ్య