‘పైగా’ ఎక్కడ, ‘కాబట్టి’ ఎక్కడ?

సందేహం: “తెలుగు, తమిళ, కన్నడాల్లో కన్ను, కాలు, మూడు లాంటి మాటలు కలుస్తాయి. పైగా ఇలాంటి మాటల్ని భాషలు మామూలుగా అరువు తెచ్చుకోవు. కాబట్టి ఇవి ఒకే కుటుంబం” అని రాస్తే సంపాదకుడు ‘పైగా’ కొట్టేశారు. రెండు కారణాలున్నప్పుడు ‘పైగా’ వాడకూడదా?

సమాధానం: సవరణ సరైనదే. మీ మొదటి వాక్యాన్ని చేత్తో మూసి మిగతాది చదవండి. అరువు తెచ్చుకోరన్న మాట ఒక్కదాంతో ఏ భాషకు ఏ భాష చుట్టమో తేలదు. ఇప్పుడు రెండోదాన్ని మూయండి. మాటలు కలవడం ఒక్కటే మిగులుతుంది. అరువు వల్ల కూడా మాటలు కలుస్తాయి కదా, తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని లేవు! అంటే ఇవి రెండు కారణాలు కావు, ఒకే కారణంలోని రెండు సగాలు. ‘పైగా’ అనగానే చదివేవాళ్లు మరో విడి కారణం కోసం చూస్తారు. “మామూలుగా అరువు తెచ్చుకోని మాటలే కలుస్తున్నాయి కాబట్టి” అని కలిపేస్తే చిక్కు ఉండదు.

‘పైగా’కు తగిన చోటు వేరే ఉంది. వినేవాళ్లను కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’ అంటాం. తమిళంలోనూ ఈ తేడా ఉంది, సంస్కృతంలో లేదు. మాటల పోలిక వాదం వీగిపోయినా ఇది తన కాళ్ల మీద నిలబడుతుంది. అయితే దీని బలం తక్కువే. వేరే కుటుంబానికి చెందిన ముండా భాషల్లోనూ ఈ తేడా ఉంది, నేటి కన్నడంలో లేదు. విడి కారణాలు ఒక్కొక్కటీ కొంత బరువే మోస్తాయి, అన్నీ కలిస్తే నిర్ణయం గట్టిపడుతుంది.

మూడో రకం గొలుసు. కన్నడంలో కివి, కెరె అంటే మనం చెవి, చెరువు అంటాం. అక్కడి కి, కెలకు ఇక్కడ చె రావడం ఇంకా చాలా మాటల్లో కనిపిస్తుంది, దీన్నిబట్టి ఇది ఒక క్రమం. క్రమం కాబట్టి కాకతాళీయం కాదు. ఇక్కడ మొదటి నిర్ణయమే తర్వాతి దానికి కారణమైంది. ఇలాంటి చోట ‘పైగా’ పెడితే వాదం తెగిపోతుంది. ‘దీన్నిబట్టి’, ‘అందుకే’ లాంటివే పట్టి ఉంచుతాయి. ఈ గొలుసు కూడా అరువు కాదని తేల్చదు, దానికి మళ్లీ మీ రెండో సగం కావాలి.

ఎదుటివాళ్లు ఎక్కడ కొడతారో చూస్తే రకం ఇంకా బాగా తెలుస్తుంది. పాకిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ కూడా తెలుగు, తమిళాల్లాగే ద్రావిడ భాషే అయినా అందులో మూడు దాటిన అంకెలన్నీ అరువువే. ఈ ఒక్క ఉదాహరణతో మీ రెండో సగం కదులుతుంది, దాంతో మొదటి సగమూ కదులుతుంది. మేము, మనం మాత్రం చెక్కుచెదరవు. అందుకే మీ వాక్యంలో ‘మామూలుగా’ అన్న మాటను ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి. ‘మూడు’ పక్కన ఇంకో రెండు శరీరావయవాల పేర్లు చేర్చండి.