సేల్స్ వాళ్లకు మర్యాదగానే గట్టిగా వద్దని చెప్పడం ఎలా?

హన్మకొండలో మాకు మెడికల్ షాపు ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే అతను వారం వారం ఫోన్ చేస్తున్నాడు. మంచోడే, కసురుకోలేను. ఎట్లా ఆపాలి?

మీరు ఇప్పటిదాకా "చూద్దాం", "దసరా అయినంక చెప్తా" అని ఉంటారు. అతని లిస్టులో అది మళ్లీ ఫోన్ చేయాల్సిన తేదీగా ఎక్కుతుంది. అతని తప్పేం లేదు, ఉద్యోగమే అది.

కారణం కూడా చెప్పొద్దు. "రేటు ఎక్కువ" అంటే డిస్కౌంట్ తెస్తాడు, "టైం లేదు" అంటే ఆదివారం డెమో అంటాడు. నిర్ణయం ఒక్కటే చెప్పండి. ఫోన్‌లో చెప్పాక వాట్సాప్‌లో కూడా పెట్టండి:

"అన్నా, మీ సాఫ్ట్‌వేర్ తీసుకోవద్దని నిర్ణయించుకున్నాం. మీ లిస్టులో మా షాపును క్లోజ్ చేయండి, ఇక ఫోన్ చేయకండి. ఇన్నాళ్లు ఓపిగ్గా వివరించినందుకు థాంక్స్."

చివర్లో "అవసరమైతే మేమే చేస్తాం" అని మాత్రం కలపకండి. మర్యాదకు అనే ఆ మాటే మళ్లీ ఆశ పెడుతుంది. "సారీ" కూడా అక్కర్లేదు.

"ఎందుకన్నా, ఏమైంది?" అని తప్పక అడుగుతాడు. అదే గొంతుతో "తీసుకోవట్లేదన్నా, నిర్ణయం అయిపోయింది" అని ఫోన్ పెట్టేయండి. రేపు వాళ్ల మేనేజర్ చేసినా ఇదే వాక్యం. కొత్త మాట కలిపితే బేరం మళ్లీ మొదలవుతుంది.

ఆ తర్వాత కూడా ఆగకపోతే నంబర్ బ్లాక్ చేయండి, అది మొరటుతనం కాదు.