జీడిపప్పు యూనిట్‌కి ఏ ప్రాజెక్టు: ఐఆర్‌ఆర్ ఎక్కువున్నదా, ఎన్‌పీవీ ఎక్కువున్నదా?

ప్రశ్న: పలాసలో మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. ఉన్న షెడ్డులో రెండిట్లో ఒకటే పడుతుంది. ఒకటి తక్కువ ఖర్చుతో కటింగ్ మిషన్లు, రెండోది బాయిలర్ నుంచి గ్రేడింగ్ దాకా మొత్తం కొత్త లైను. ఐఆర్‌ఆర్ చూసి చిన్నదే మేలంటున్నాడు మా బావ. ఎన్‌పీవీ చూసి పెద్దదే మేలంటున్నారు ఆడిటర్ గారు. ఒకే అంకెల నుంచి రెండు జవాబులు ఎలా వస్తాయి? ఎవరి మాట వినాలి?

జవాబు:

ఒకటి పెడితే రెండోది పెట్టలేని పరిస్థితి కాబట్టి ఆడిటర్ గారి పద్ధతే పట్టుకోండి. అయితే మీ బావగారు అడుగుతున్న దాంట్లో కూడా పస ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఎన్‌పీవీ అంటే ముందు ముందు వచ్చే డబ్బునంతా ఇవాళ్టి విలువకి దించి, పెట్టుబడి తీసేస్తే మిగిలే రూపాయలు. ఆ మిగిలేది సరిగ్గా సున్నా అయ్యే వడ్డీ శాతమే ఐఆర్‌ఆర్.

నేను శ్రీకాకుళంలో బ్యాంకు లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు తయారు చేస్తాను. పలాస, కాశీబుగ్గ వైపు నుంచి వచ్చే ఫైళ్లలో ఈ తగువు తరచూ చూస్తుంటాను. అచ్చం మీలాంటి ఫైలే ఒకటి అన్నదమ్ములిద్దరు తెచ్చారు. అంకెలు కాస్త గుండ్రంగా చేసి చెబుతున్నాను.

చిన్న ప్రతిపాదనకి 10 లక్షలు పెట్టాలి. ఏటా 4 లక్షల చొప్పున ఐదేళ్లు వస్తుంది. పెద్దదానికి 40 లక్షలు పెట్టాలి, ఏటా 13.5 లక్షల చొప్పున ఐదేళ్లు వస్తుంది. వస్తుంది అంటే జీడి పిక్కల కొనుగోలు, కూలీ, కరెంటు, టాక్సు అన్నీ పోగా చేతికి మిగిలే డబ్బు. లోను వడ్డీని మాత్రం ఇందులోంచి తీసేయకూడదు. మనం లెక్కకి వాడే డిస్కౌంట్ రేటు, అంటే మన డబ్బు ఖరీదు, 12 శాతం. అందులోనే ఆ వడ్డీ ఉంది, రెండోసారి తీస్తే మంచి ప్రాజెక్టు కూడా నష్టంలా కనబడుతుంది. ఐదేళ్ల తర్వాత మిషన్లకు పాత ఇనుము ధర తప్ప ఏమీ రాదనుకుని దాన్ని వదిలేశాం.

ఐదేళ్లపాటు ఏటా వచ్చే ఒక్కో రూపాయిని 12 శాతం చొప్పున ఇవాళ్టి విలువకి దించితే మొత్తం 3.605 రూపాయలు అవుతుంది. 4 లక్షలను దాంతో హెచ్చిస్తే 14.42 లక్షలు, పెట్టుబడి తీసేస్తే చిన్నదాని ఎన్‌పీవీ 4.42 లక్షలు. అదే పద్ధతిలో పెద్దదానికి 48.66 లక్షలు వచ్చి, 40 పోగా 8.66 లక్షలు మిగులుతుంది. ఐఆర్‌ఆర్ మాత్రం చిన్నదానికి దాదాపు 28.6 శాతం, పెద్దదానికి 20.4 శాతం. అంటే రూపాయల్లో పెద్దది గెలిచింది, శాతంలో చిన్నది గెలిచింది.

ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన ఆ కాగితం పక్కకి నెట్టి, "ఇరవై ఎనిమిది శాతం వచ్చేది వదులుకుని ఇరవైకి ఎగబడమంటావేటి బాబూ?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ 28 శాతం వచ్చేది 10 లక్షల మీద మాత్రమే. మిగతా 30 లక్షలు ఏం చేస్తాయో ఆ శాతం చెప్పదు. రెండు లెక్కలూ విడిపోయేది సరిగ్గా అక్కడే.

కాబట్టి పెద్దదాన్ని రెండు ముక్కలుగా చూడండి. మొదటి ముక్క చిన్న ప్రాజెక్టే. రెండో ముక్క అదనంగా పెట్టే 30 లక్షలు, దాని మీద ఏటా అదనంగా వచ్చే 9.5 లక్షలు. ఈ రెండో ముక్కకి విడిగా ఐఆర్‌ఆర్ తీస్తే దాదాపు 17.6 శాతం వస్తుంది. మనకి డబ్బు ఖరీదు 12 శాతం అయినప్పుడు 17.6 తెచ్చిపెట్టే 30 లక్షల అవకాశాన్ని వదులుకోవడం నష్టమే. ఆ ముక్క ఎన్‌పీవీ 4.25 లక్షలు. రెండు ప్రాజెక్టుల ఎన్‌పీవీల మధ్య తేడా కూడా సుమారుగా అంతే, పైసల సర్దుబాటు తప్ప. ఇలా తేడా మీద ఐఆర్‌ఆర్ తీస్తే ఐఆర్‌ఆర్ కూడా ఎన్‌పీవీ చెప్పిన జవాబే చెబుతుంది. విడివిడిగా తీసిన రెండు శాతాలను పక్కపక్కన పెట్టి పెద్దదేదో చూడటం వల్లే చిక్కు వస్తోంది.

ఆ 17.6కి ఇంకో పని కూడా ఉంది. డిస్కౌంట్ రేటు అంతకంటే తక్కువ ఉన్నంతవరకూ పెద్దది మేలు, దాటితే చిన్నది మేలు. 18 శాతంతో లెక్క కట్టి చూడండి: చిన్నదాని ఎన్‌పీవీ 2.51 లక్షలు, పెద్దదానిది 2.22 లక్షలు. వరస తిరగబడింది. ఈ రకం తేడా రేటు గురించి అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1930లోనే రాశారు, అందుకే కొందరు దీన్ని ఫిషర్ రేటు అంటారు. ఆడిటర్ గారిని మీరు అడగాల్సిన మొదటి మాట ఇదే: "డిస్కౌంట్ రేటు ఎంత వేశారు, ఎందుకు అంత వేశారు?" పూర్తిగా బ్యాంకు డబ్బుతో నడిచే యూనిట్‌కీ, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, అప్పు తెచ్చి పిక్కలు కొనే యూనిట్‌కీ ఒకే 12 శాతం సరిపోదు. రెండో రకం వాళ్లకి చిన్న ప్రాజెక్టే సరైనది కావచ్చు. అదీ ఎన్‌పీవీ పద్ధతిలోనే తేలుతుంది.

మీ బావగారు ఇలా అనొచ్చు: "పెద్దదాంట్లో పెట్టకుండా మిగిలిన 30 లక్షలతో ఇంకేదైనా చేస్తాం." నిజంగా అలాంటి పని చేతిలో ఉండి, అది 17.6 శాతం కంటే ఎక్కువ తెస్తుందంటే ఆయన మాటే నెగ్గుతుంది. కానీ చిన్న ప్రాజెక్టు లాంటివి ఇంకో మూడు పెడతామనడానికి షెడ్డులో చోటు లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తామంటే అంత వడ్డీ ఎవరూ ఇవ్వరు. పైగా ఆ 30 లక్షలు బ్యాంకు ఈ మిషన్ల కోసం ఇచ్చేది, ఇంకో పనికి తిప్పుకోవడానికి ఇచ్చేది కాదు. ఆ అన్నదమ్ముల దగ్గర లెక్క ఇక్కడికి వచ్చేసరికి పెద్దాయన మెత్తబడ్డారు.

పెట్టుబడి సమానంగా ఉన్నా, డబ్బు వచ్చే కాలం వేరైతే ఇదే తగువు వస్తుంది. ఊహించుకోండి, మీ చేతిలో 10 లక్షలు ఉన్నాయి. సీజన్లో పిక్కలు కొని నిల్వ చేసి అమ్మితే ఏడాదికి 13 లక్షలు అవుతుంది. సముద్రం వైపు ఇసుక నేలలో సరుగుడు వేస్తే మూడేళ్లకి ఒకేసారి 20 లక్షలు వస్తుంది. పిక్కలకి ఐఆర్‌ఆర్ 30 శాతం, సరుగుడుకి 26 శాతం. 12 శాతం మీద ఎన్‌పీవీ తీస్తే పిక్కలకి 1.61 లక్షలు, సరుగుడుకి 4.24 లక్షలు. ఎందుకంటే మొదటి ఏడాది చివర 13 లక్షలు చేతికొచ్చాక మిగతా రెండేళ్లు అది ఏం సంపాదిస్తుందో ఐఆర్‌ఆర్‌కి తెలియదు. 7 శాతానికి బ్యాంకులో వేస్తే మూడో ఏడాది చివరికి 14.88 లక్షలు అవుతుంది, 20 ఎక్కడ, ఇదెక్కడ! ఏటా మళ్లీ 30 శాతం మీద తిప్పగలిగితేనే దాదాపు 22 లక్షలై సరుగుడుని దాటుతుంది. మీ కుటుంబం ఆ వ్యాపారాన్ని మూడేళ్లూ అదే లాభంతో తిప్పగలదా అన్నది మీరే చెప్పాలి.

ఇక మీ బావగారి భయంలో ఉన్న పస. ఎక్కువ ఐఆర్‌ఆర్ ఉన్న ప్రాజెక్టు దెబ్బ తగిలినా ఎక్కువసేపు నిలబడుతుంది. చిన్నదానికి ఏటా వచ్చే డబ్బు 4 లక్షల నుంచి 2.77 లక్షలకి, అంటే 30 శాతం దాకా పడిపోయినా ఎన్‌పీవీ సున్నా దగ్గర ఆగుతుంది. పెద్దదానికి 13.5 నుంచి 11.1 లక్షలకి, అంటే 18 శాతం పడితేనే అయిపోయింది. రెండిటికీ ఒకే తీరున రాబడి 12.4 శాతం తగ్గితే రెండూ సమానం అవుతాయి, అంతకు మించి తగ్గితే చిన్నదే మేలు. ఉద్దానంలో ఈ తగ్గుదల మనం ఊహించుకున్నది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడి తోటల్నీ కొబ్బరి చెట్లనీ ఎలా కూల్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద లైనుకి సరిపడా పిక్క దొరక్కపోతే మిషను ఖాళీగా ఉంటుంది, లోను కిస్తీ మాత్రం ఆగదు.

ఆ భయాన్ని ఐఆర్‌ఆర్ వరస చూసి తీర్చుకోకండి, అంకెల్లోనే పెట్టండి. ఏడాదికి ఎన్ని బస్తాల పిక్క ఖాయంగా దొరుకుతుంది, గుండ్లు ఎంత శాతం వస్తాయి, బద్దలు ఎంత, ఒక్కో రకానికి నిరుటి సగటు ధర ఎంత అని రాసుకోండి. పిక్క తక్కువ దొరికిన ఏడాదికి వేరే కాలమ్ వేయండి. ఆ అన్నదమ్ముల ఫైల్లో మేం ఐదేళ్లలో ఒక ఏడాది పెద్దదాని రాబడి సగానికి సగం తగ్గించి చూశాం. రెండో ఏడాదే ఆ దెబ్బ తగిలినా దాని ఎన్‌పీవీ 3.28 లక్షల దగ్గర నిలిచింది. అదే దెబ్బ చిన్నదానికి వేస్తే 2.82 లక్షలు మిగిలింది. తేడా బాగా తగ్గినా వరస మారలేదు. ఒక ఏడాది కాక రెండేళ్లు దెబ్బ తగిలితే ఏమవుతుందో మీ యూనిట్ అంకెలతో మీరే వేసి చూసుకోవాలి.

ఎక్సెల్‌లో చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. దాని NPV ఫంక్షన్ మొదటి అంకెను కూడా ఏడాది చివర వచ్చేదిగానే తీసుకుంటుంది. అందుకే ఇవాళ పెట్టే పెట్టుబడిని బయట కలపాలి. పెట్టుబడి మైనస్ గుర్తుతో B2లో, ఐదేళ్ల రాబడి C2 నుంచి G2 దాకా ఉంటే:

```
=NPV(12%,C2:G2)+B2
=IRR(B2:G2)
```

పెద్ద ప్రాజెక్టు అంకెలకు మీకు 8.66 బదులు 7.74 వచ్చిందంటే B2ని కూడా బ్రాకెట్ లోపల పెట్టేసినట్టే. తర్వాత వరసలో పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేసి, -30, 9.5, 9.5 అని నింపి దానికీ IRR తీయండి. మీ బావగారికి, ఆడిటర్ గారికి ఆ మూడో వరసే చూపించి మాట్లాడండి.